శీనూ, ముందు బేసిక్ చూడు

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన దుబాయ్ ఉద్యోగం కాంట్రాక్టు ఫోన్లో చదివితే తలకెక్కలేదు. పొద్దున బ్రాడీపేటలో జిరాక్స్ షాపుకెళ్ళి పదకొండు పేజీలూ ప్రింట్ తీయించుకున్నాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక పెన్ను పట్టుకుని కూర్చుంటే లేచేసరికి సాయంత్రమైంది. ఇవన్నీ ఫోన్లో చెబితే సగం నీ చెవిన పడవు, మిగతా సగం మీ అమ్మగారి చెవిన పడి ఆవిడకి టెన్షన్ వస్తుంది. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు.

ఏజెంటు నీకు మూడు మాటలు చెప్పాడు కదా: ట్యాక్స్ లేదు, రెండేళ్ళ కాంట్రాక్టు, చివర్లో గ్రాట్యుటీ. మూడూ నిజమే. కానీ వాటికంటే ముందు నువ్వు చూడాల్సింది నాలుగో పేజీలో జీతాన్ని విడదీసి రాసిన చిన్న పట్టిక. మొత్తం 6000 దిర్హాములు. అందులో బేసిక్ 2400, ఇంటి అద్దెకి 2000, రవాణాకి 600, ఇతర అలవెన్సు 1000. నువ్వు 6000 చూశావు. నేను 2400 చూశాను. గ్రాట్యుటీ లెక్క కట్టేది బేసిక్ మీదే, మిగతా 3600 ఆ లెక్కలోకి రానే రావు.

దుబాయ్‌లో ఇప్పుడు నడిచేది 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం. దాని ప్రకారం ఏడాది పూర్తి చేసినవాడికి మొదటి అయిదేళ్ళూ ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ 30 రోజుల బేసిక్ ఇవ్వాలి. నెలని 30 రోజులుగా తీసుకుంటే నీ రోజు బేసిక్ 80 దిర్హాములు. ఏడాదికి 1680, రెండేళ్ళకి 3360. మన డబ్బుల్లో దిర్హాముకి 24 రూపాయలు వేసుకున్నా 80 వేలు. ఏజెంటు చెప్పిన "రెండు లక్షల దాకా" అనే అంకె ఈ కాగితంలోంచి ఎలా లెక్కేసినా రాదు. మొత్తం 6000 మీద లెక్క కట్టేసి చెప్పినట్టున్నాడు.

ఇది నాకు జరిగింది కాబట్టే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. నేను షార్జాలో 2016లో చేరి 2023లో వచ్చేశాను, సరిగ్గా ఏడేళ్ళు. జీతం పెంచిన ప్రతిసారీ మా కంపెనీ ఆ పెంపుని అలవెన్సులోనే వేసింది. చేతికి వచ్చేది పెరుగుతోంది కదా అని నేను ఆ పట్టిక వైపు చూడలేదు. వచ్చేసే నాటికి మొత్తం జీతం 5200, బేసిక్ మాత్రం 1800. అయిదేళ్ళకి 105 రోజులు, తర్వాత రెండేళ్ళకి 60, మొత్తం 165 రోజులు. రోజుకి 60 దిర్హాముల చొప్పున 9900 చేతిలో పెట్టారు. మొత్తం జీతం మీద ఇస్తారనుకుని 28,600 వస్తాయని ఇంట్లో ముందే చెప్పేశాను, చెల్లి పెళ్ళి ఖర్చులోకి లెక్క కూడా రాసుకున్నాం. ఆ రోజు అకౌంట్స్ గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. వాళ్ళు చట్టం తప్పలేదు. నేను సంతకం పెట్టిన కాగితంలో ఉన్నదే ఇచ్చారు.

నీకింకా సమయం ఉంది. సంతకం పెట్టకముందే వాళ్ళ హెచ్ఆర్‌కి ఒక మెయిల్ రాయి. మొత్తం 6000 మార్చమని అడగకు. అందులోనే బేసిక్ 3600 చేసి, అలవెన్సులు 2400కి తగ్గించమని అడుగు. నెలనెలా వాళ్ళ జేబులోంచి పోయేది అంతే కాబట్టి ఈ మాట మాట్లాడటం తేలిక. పూర్తిగా ఒప్పుకోకపోయినా 3000కి వచ్చే అవకాశం ఉంది. బేసిక్ 3600 అయితే రెండేళ్ళకి నీ గ్రాట్యుటీ 5040 అవుతుంది. నాలా అక్కడే ఉండిపోయి ఆరేళ్ళు చేశావనుకో, 2400 మీద 10,800 వస్తే 3600 మీద 16,200 వస్తుంది. అది కూడా బేసిక్ ఆరేళ్ళూ కదలకుండా ఉంటేనే. లెక్క కట్టేది చివరి బేసిక్ మీద. అందుకే ఆ తర్వాత జీతం పెంచినప్పుడల్లా "ఇందులో బేసిక్ ఎంత" అని అడగటం మరిచిపోకు. ఓవర్‌టైమ్ లెక్క కట్టేదీ, వాడుకోని సెలవులకి చివర్లో డబ్బిచ్చేదీ కూడా బేసిక్ మీదే. ఏసీ పనిలో వేసవి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ ఓవర్‌టైమ్ తప్పదు.

ఇక రెండేళ్ళ కాంట్రాక్టు సంగతి. "రెండేళ్ళ దాకా కదలనివ్వరా" అని భయపడుతున్నావు. కదలొచ్చు. ఇప్పుడు అక్కడ కాంట్రాక్టులన్నీ గడువు ఉన్నవే. గడువుకి ముందే నువ్వైనా వాళ్ళైనా నోటీసు ఇచ్చి, సరైన కారణంతో ముగించుకోవచ్చు. ఆ నోటీసు 30 రోజులకి తగ్గకూడదు, 90 దాటకూడదు. నీ కాంట్రాక్టులో రెండు నెలలు పెట్టారు. అసలు ప్రమాదం అక్కడుంది. నోటీసు రోజులు పనిచేయకుండా వచ్చేస్తే ఆ రోజుల జీతం నువ్వు కంపెనీకి కట్టాలి. ఆ లెక్క బేసిక్ మీద కాదు, మొత్తం జీతం మీద. అంటే 12,000 దిర్హాములు. గ్రాట్యుటీ 3360, కట్టాల్సింది 12,000. ఇంట్లో ఏదో అవసరం వచ్చిందని కంగారుగా బండెక్కేస్తే రెండేళ్ళ గ్రాట్యుటీ పోవడమే కాదు, చివరి జీతంలోంచి కూడా ఎదురు కట్టాల్సి వస్తుంది. ఎంత తొందరైనా ముందు నోటీసు రాసిచ్చి, దాని కాపీ నీ దగ్గర పెట్టుకో. నాన్నగారి ఆరోగ్యం లాంటిదేదైనా వస్తే నోటీసు తగ్గించమని అడిగి, వాళ్ళ ఒప్పుదల రాతలో తీసుకో. నోటి మాట మీద విమానం ఎక్కకు.

తొమ్మిదో పేజీలో "గడువు పూర్తి చేయకపోతే వీసా, టికెట్ ఖర్చు 8000 దిర్హాములు ఉద్యోగి చెల్లించాలి" అని ఒక వాక్యం ఉంది. దాని కింద ఎర్ర గీత కొట్టాను. ఆ చట్టం ప్రకారం ఉద్యోగంలోకి తీసుకునే ఖర్చు ఉద్యోగి మీద వేయకూడదు, నేరుగానూ కాదు, చుట్టుతిప్పి కూడా కాదు. అదే మెయిల్లో ఆ వాక్యం తీసేయమని మర్యాదగా అడుగు. ప్రొబేషన్ ఆరు నెలలు అన్నారు, చట్టం ఒప్పుకునే గరిష్ఠం అదే, పర్లేదు. కాకపోతే ఏడాది నిండకుండా పదకొండో నెలలో మానేస్తే గ్రాట్యుటీ సున్నా. ఏడాది దాటాక మాత్రం పైన చేసిన నెలలకి కూడా ఆ లెక్కనే ఇస్తారు. జీతం లేని సెలవు రోజులు సర్వీసులోకి రావని కూడా గుర్తుంచుకో. చెల్లెలి పెళ్ళికి నెలన్నర సెలవంటున్నావు కదా. అది ఏడాది నిండిన తర్వాత, వీలైనంత వరకు జీతం వచ్చే సెలవులో పెట్టుకునేలా చూసుకో. ఏడాదికి 30 రోజులు నీ హక్కు.

ఇంకో సంగతి. నీకు వచ్చినది కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉన్న ఆఫర్. అక్కడి కార్మిక శాఖలో రిజిస్టర్ అయ్యే కాంట్రాక్టు వేరే ఉంటుంది, రేపు తగవు వస్తే నిలబడేది అదే. ఈ రెండిట్లో బేసిక్ ఒకటే ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడు. ఆ రెండో కాగితం చూడకుండా ఇక్కడ రాజీనామా ఇవ్వకు. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడుగు, `emigrate.gov.in`లో కొట్టి చూస్తే ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. వాళ్ళు నీ దగ్గర తీసుకోగలిగింది 30 వేలు, దానిపైన జీఎస్టీ. అంతకుమించి అడిగితే నాకు చెప్పు, నేను వచ్చి మాట్లాడతాను.

ఇప్పుడు ట్యాక్స్. "జీతం ట్యాక్స్ ఫ్రీ" అని కాంట్రాక్టులో రాశారు. అది అక్కడి ప్రభుత్వం సంగతి, మన ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి ఆ వాక్యంతో పనిలేదు. మన దగ్గర లెక్క రోజుల మీద నడుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 మధ్య, ఉద్యోగానికి వెళ్ళే ఏడాదిలో, నువ్వు ఇక్కడ 182 రోజులు ఉంటే ఆ ఏడాదికి ఇక్కడి నివాసివే. అప్పుడు అక్కడి జీతాన్ని కూడా ఇక్కడ చూపించాలి. సెప్టెంబర్ 28న వెళ్తే 181 రోజులు అవుతాయి. నువ్వేమో దసరాకి అమ్మవారి దర్శనం చేసుకుని అక్టోబర్ చివర్లో వెళ్తానంటున్నావు. గీత దాటేస్తావు.

దానికోసం దసరా మానుకోమని నేను అనను. నీ లెక్క వేసి చూశాను. ఇక్కడ ఆరు నెలల జీతం 2 లక్షల 70 వేలు, అక్కడ అయిదు నెలలకి 30,000 దిర్హాములు, అంటే 7 లక్షల 20 వేలు. మొత్తం 10 లక్షల లోపు. కొత్త ట్యాక్స్ విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి ట్యాక్స్ కట్టే పని పడదు. కానీ రిటర్న్ వేసి తీరాలి, అందులో అక్కడి బ్యాంకు ఖాతా కూడా చూపించాలి. నువ్వు ఎప్పుడూ వేసే `ITR-1` దీనికి పనికిరాదు, `ITR-2` వేయాలి. ఏలూరు రోడ్డులో నీకు రిటర్న్ వేసే ఆయనకి ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచు. మరుసటి ఏడాది నుంచి ఏడాది పొడుగూ అక్కడే ఉంటావు కాబట్టి ఈ బాధ లేదు. జీతం మాత్రం అక్కడి ఖాతాలో పడాలి, ఆ తర్వాతే ఇక్కడికి పంపుకో. నేరుగా పటమట బ్రాంచి ఖాతాలో వేయమని అడగకు. మొదట ఇక్కడే అందిన జీతం, నువ్వు ఎక్కడ ఉన్నా ఇక్కడి ఆదాయం కిందికే వస్తుంది.

నేను గీతలు కొట్టిన కాపీ గురువారం తెస్తాను. పొద్దున పాసింజర్‌కి వస్తాను, స్టేషన్‌కి రావద్దు, నేనే పటమట వచ్చేస్తాను. ఈలోగా ఆ మెయిల్ రాసి, పంపకుండా నాకు చూపించు. నాన్నగారికి బీపీ ఎలా ఉందో రాయలేదు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రవి