అపార్ట్‌మెంట్ యజమానుల సంక్షేమ సంఘం – 2024-25 వార్షిక నివేదిక: చెల్లించవలసిన ఖర్చులు, ఏర్పాట్లు

గౌరవ సభ్యులకు నమస్కారం. మార్చి 31 నాటి బ్యాంకు నిల్వకూ, ఆదాయ వ్యయాల ఖాతాలో చూపిన మిగులుకూ పొంతన లేదేమని కొందరు సభ్యులు అడిగినందున, ఆ తేడాకు కారణమైన రెండు పద్దులను ఇక్కడ వివరిస్తున్నాము.

మొదటిది ఉమ్మడి మీటరు కరెంటు బిల్లు. మార్చి 11 నుంచి ఏప్రిల్ 10 వరకు 31 రోజులకు రూ. 62,000 బిల్లు ఏప్రిల్‌లో వచ్చింది, అదే నెలలో చెల్లించాము. అయితే అందులో 21 రోజులు లిఫ్టులు తిరిగిందీ, మోటార్లు నడిచిందీ మార్చిలోనే కాబట్టి, ఆ రోజుల వాటా రూ. 42,000ను 2024-25 ఖర్చుగా రాసి, ఆస్తి అప్పుల పట్టీలో చెల్లించవలసిన ఖర్చుగా చూపాము. కొత్త సంవత్సరానికి పడేది మిగిలిన రూ. 20,000 మాత్రమే. ఇలా రాయకపోతే, మార్చి నెలాఖరున ఫ్లాటు అమ్మి వెళ్లినవారు వాడుకున్న కరెంటు భారం కొత్తగా వచ్చినవారి మీద పడుతుంది. నెలవారీ మెయింటెనెన్స్ నిర్ణయించడానికి మనం చూసే ఖర్చు కూడా ఆ మేరకు తక్కువగా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో చెల్లించినప్పుడు ఆ రూ. 42,000ను అప్పు పద్దులోంచి తగ్గించాలే తప్ప మళ్లీ ఖర్చుగా రాయకూడదు. సాధారణంగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఏప్రిల్ కరెంటు ఖర్చు ఉన్నట్టుండి పెరిగి, పాత బాకీ పట్టీలో అలాగే నిలిచిపోయి కనిపిస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడిందని అనుమానించవచ్చు.

రెండవది గ్రాట్యుటీ ఏర్పాటు, అంటే ఉద్యోగి పని మానేటప్పుడు ఇవ్వవలసిన మొత్తాన్ని ఏటా ముందుగానే ఖర్చుగా రాసి పెట్టుకోవడం. కరెంటు విషయంలో ఎంత చెల్లించాలో తెలుసు. ఇక్కడ బాధ్యత ఖాయమే కానీ, ఎప్పుడు ఎంత ఇవ్వవలసి వస్తుందో అంచనా వేసుకోవలసిందే. సంఘమే నేరుగా నియమించుకున్న ప్లంబరుకు 1972 గ్రాట్యుటీ చట్టంలోని లెక్క ప్రకారం, అంటే చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15 రోజుల చొప్పున ప్రతి సర్వీసు సంవత్సరానికీ ఇస్తామని నియామక పత్రంలో ఒప్పుకున్నాము. నిరుడు ఆయన వేతనం రూ. 14,300, సర్వీసు ఏడేళ్లు. ఆ లెక్కన రూ. 57,750 ఏర్పాటు ఉంది. ఈ ఏడాది వేతనం రూ. 15,600 అయింది, ఎనిమిదేళ్లకు రూ. 72,000 కావాలి. ఒక్క సంవత్సరానికి రూ. 9,000 సరిపోదా అనిపించవచ్చు. కానీ వేతనం పెరిగితే గడిచిన ఏడేళ్లకూ పెరిగిన రేటే వర్తిస్తుంది కనుక ఈ ఏడాది ఖర్చు రూ. 14,250 అయింది.

భవనానికి రంగులు వేయించడానికి కూడా ఇలాగే ఏర్పాటు చేయాలన్న సూచనను కమిటీ అంగీకరించలేదు. మార్చి 31 నాటికి ఆ పని ఎవరికీ అప్పగించలేదు, ఎవరికీ బాకీ పడలేదు. దానికోసం కేటాయించిన మొత్తాన్ని ఖర్చులో కలపకుండా, మిగులులోంచి తీసి ప్రత్యేక నిధిగా చూపాము. సర్వసభ్య సమావేశం కోరితే ఆ నిధిని వేరే పనికి మళ్లించవచ్చు, గ్రాట్యుటీ ఏర్పాటును మాత్రం అలా మళ్లించడానికి వీలులేదు.