సెల్లార్ పార్కింగ్ గీతలకు పెయింట్ ఎంత కావాలి?

అందరికీ నమస్కారం. పెయింటర్ గారు 24 బండ్లకు రెండేసి చొప్పున 48 గీతలన్నారు. కానీ పక్కపక్క బండ్లకు మధ్య గీత ఒక్కటే. మనకు 12 చొప్పున రెండు వరసలు, వరసకు 13, మొత్తం 26 గీతలు.

గీత 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, అంటే అర చదరపు మీటరు. మొత్తం 13, రెండు కోటింగులకు 26. డబ్బా మీద లీటరుకు 10 చదరపు మీటర్లని ఉంది. మన గచ్చు గరుకు, పెయింట్ పీల్చేస్తుంది, కాబట్టి 8 వేశాను. 3.25 లీటర్లు వచ్చింది; 4 లీటర్ల డబ్బా చాలు.

మొదటి కోటింగులో లీటరుకు 16 గీతలు రావాలి. 12కే అయిపోతే నాలుగు లీటర్లూ చాలవు. అప్పుడే చెప్పండి, ఇంకో లీటరు తెప్పిస్తాను.