సిమెంటు బస్తా మీద వారం నంబరు

ముత్తుకూరు నుంచి

ఒరే మామా,

స్టోర్ పని తీసుకున్నావని విన్న కాణ్ణుంచి నీకు తీరిగ్గా రాయాలనుకుంటున్నా. ఇనుము ఎట్టా కాపాడాలా అని భయపడతన్నావు గదా, ముందు సిమెంటు చూడు. ఇనుము పోతే పుస్తకంలో తేడా వస్తది. సిమెంటు పాడైతే బస్తాలు లెక్కకి సరిగ్గానే ఉంటాయి, బలమే ఉండదు.

ప్రతి బస్తా మీదా ప్యాక్ చేసిన వారం, నెల, ఏడాది అచ్చేసి ఉంటది. దిగుమతి రోజే ఆ వారం నంబరు స్టాక్ పుస్తకంలో రాయి, నెట్టుకి అట్ట ముక్క కట్టు. మూడు నెలలు దాటితే ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా వాడకూడదు. మనది సముద్రం గాలి, పైగా అక్టోబరు నుంచి వానలు.

నేను ఈడికొచ్చేసరికి ఆగస్టు చివర. 24వ వారం, అంటే జూన్ నడుమ ప్యాక్ చేసిన బస్తాలు 60 గోడవార ఉండిపోయినై. కొత్త లోడు వాటి ముందర దించేశారు, కూలీలు వాకిలి దగ్గరవే ఎత్తుకుపోతారు గదా! ఆ పాతవాటికి ఇంక రెండు వారాలే గడువు. ఒక్కోదాన్నీ నేల మీద దొర్లించాం. కింద వరసలో బరువుకి బిగుసుకున్నది దొర్లిస్తే విడిపోయి పొడైపోతది, అది మంచిదే. గడ్డ వేళ్ల మధ్య నలగకపోతే తేమ తగిలినట్టు. అట్టాంటివి ఏడు తేలినై, గోడకి ఆనుకున్నవే. పక్కన పెట్టించి ఇంజనీరు సంతకంతో రద్దు రాయించా. ఇప్పుడు నెట్టు గోడకి ఒకటిన్నర అడుగు దూరంలో, చెక్కల మీద, పది బస్తాల ఎత్తు మించకుండా కట్టిస్తన్నా. కొత్త లోడు వేరే పక్క దించుతారు.

ఆ వారమే స్లాబు పడింది. అంచనా 18 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకి 340 కిలోల సిమెంటు, బస్తా 50 కిలోల లెక్కన 123 బస్తాలు. స్లిప్పు మీద ఇంజనీరు సంతకం చూసి పాతవి 53, కొత్తవి 70 ఇచ్చా. మర్నాడు 118 ఖాళీ సంచులు, 5 నిండు బస్తాలు వెనక్కొచ్చినై. మిగిలిందని సంబరపడొద్దు, కాంక్రీటులో తక్కువేసి ఉండొచ్చు గదా! నిజంగా పోసింది ఎంతో కొలిపించా. 17.4 వచ్చింది, లెక్క సరిపోయింది. ఖాళీ సంచులు లెక్కకి రాకుండా మళ్లీ ఇష్యూ చెయ్యబాక.

ఇనుములో ఒక్కటి గుర్తుపెట్టుకో. వచ్చేది కాటా బరువులో, ఇచ్చేది కడ్డీల లెక్కలో. 12 ఎంఎం కడ్డీ 12 మీటర్లది సూత్రం ప్రకారం 10.67 కిలోలు, 5 టన్నులకి 469 కడ్డీలు. కడ్డీ మూడు శాతం తేలికైతే అదే బరువుకి 483 వస్తాయి. ఆ తేడా నిబంధనలు ఒప్పుకునేదే, కానీ నువ్వు ఎంచకపోతే 14 కడ్డీలు గేటు దాటినా ఎవరికీ తెలీదు. అందుకే లోడు దిగంగానే కడ్డీలు ఎంచు, మీటరు ముక్కలు కోయించి తూకం వేసి ఆ బరువే పుస్తకంలో రాయి.

నీ గోడౌన్లో ఏ వారం బస్తాలు ఎన్నున్నాయో రాసి పంపు. వానలకి ముందు ఎంత ఆర్డరు పెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ మామ