సమాధుల రిజిస్టరులో వరుస నెంబరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 2న సమాధుల పండుగ. తాతమ్మల, ముత్తాతల సమాధుల కోసం దూరాల నుంచి వచ్చి, సమాధుల తోటలో గంటల తరబడి వెతికి, చివరికి ఏదో ఒక మట్టిదిబ్బ మీద కొవ్వొత్తి పెట్టి వెళ్లే కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. చాలామంది చేతిలో మరణ ధ్రువపత్రం ఉంటుంది. అందులో చనిపోయిన తేదీ, చోటు ఉంటాయి గానీ ఎక్కడ పాతిపెట్టారో ఉండదు. ఆ తేదీని పట్టుకుని విచారణ గుడిలోని, అంటే ఒక గురువు కింద ఉండే ఊళ్లన్నింటికీ పెద్ద గుడిలోని, మృతుల రిజిస్టరు దగ్గరికి వెళ్లాలని వారికి చెప్పేవారు లేరు.

ఒక కేథలిక్ కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నాయనమ్మ "దివిసీమ ఉప్పెనకు ముందటేడు, మ్రానికొమ్మల ఆదివారం వెళ్లాక" పోయిందని ఇంట్లో గుర్తు. ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. 1976లో మ్రానికొమ్మల ఆదివారం ఏప్రిల్ 11న పడింది. అంటే వెతకాల్సింది ఆ తర్వాతి రెండు మూడు వారాలే. ఆమె గుంటూరు ఆస్పత్రిలో పోయి, సొంత ఊళ్లో సమాధి అయిందనుకుందాం. ఎక్కువమంది ఇక్కడే పొరబడి పంచాయతీలో అడుగుతారు. మరణం నమోదయ్యేది చనిపోయిన చోట, అంటే గుంటూరు పురపాలక రికార్డులో. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ కింద రుసుము కట్టి రిజిస్టరు వెతికించుకోవచ్చు. ఊళ్లోనే పోయి ఉంటే, మునసబుల కాలం నాటి పుస్తకాలు చాలాచోట్ల తహసీల్దారు కార్యాలయానికి చేరాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి కనుక పాత తాలూకా కేంద్రంలోనూ అడగాలి.

తేదీ ఏప్రిల్ 12 అని తేలితే గుడి రిజిస్టరులో 12, 13 తేదీలు చూడాలి. ఇంట్లో నాగమ్మ అని పిలిచిన మనిషి అక్కడ మరియమ్మ కావచ్చు. ఇంటిపేరు ఉండకపోవచ్చు, వయసు ఉజ్జాయింపుగా వేసి ఉండవచ్చు. అందుకని భర్త పేరుతో సరిచూడాలి. పుస్తకానికి చెదలు పట్టి ఉంటే ఆశ వదులుకోనక్కర్లేదు. 1918 నుంచి 1983 వరకు అమల్లో ఉన్న చర్చి చట్టం ప్రకారం విచారణ గురువులు ఏటా ఈ పుస్తకాల నకలు పీఠాధిపతి కార్యాలయానికి పంపాలి. కాబట్టి మేత్రాసనంలో, అంటే ఆ పీఠాధిపతి కార్యాలయంలో అడగాలి.

ఆమెది ఆ ఏడాది 15వ నమోదు అనుకుందాం. సమాధి నెంబరు ఎక్కడా లేదు. అప్పుడు ముందూ వెనకా ఉన్నవారే దిక్కు. 14వ నమోదులోని మనిషికి పేరు చెక్కిన రాయి ఉంది. 16వది చంటిబిడ్డ. పిల్లలను వేరే వరుసలో పెడతారు కనుక దాన్ని వదిలి 17వ నమోదు రాయి వెతకాలి. ఆ రెండు రాళ్లూ ఒకే వరుసలో ఉండి, మధ్యలో ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు జాగా రాయి లేకుండా ఉంటే, ఆమె సమాధి అదే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది.

కానీ ఈ లెక్క అన్ని తోటల్లో కుదరదు. ముందుగా రాళ్లున్న నాలుగైదు సమాధులు తీసుకుని, నేల మీది వరుస పుస్తకంలోని వరుసతో కలుస్తుందా అని చూడాలి. కలవకపోతే అక్కడ కుటుంబాలవారీగా పాతిపెట్టారన్నమాట. అప్పుడు భర్త సమాధి పక్కన వెతకాలి. అదే గుంటలో ఆమెనూ పెట్టి ఉండవచ్చు కూడా. ఒకే విచారణ కింద రెండు మూడు ఊళ్ల తోటలుంటే, ఊరివారీగా నమోదులు విడదీశాకే ఈ వరుస చూడాలి.

ఈ పద్ధతికి ఆధారమంతా రాళ్లే. వాటినే ఏటా మనం చేజేతులా చెరిపేస్తున్నాం. పండుగకు ముందు సమాధికి సున్నం వేసేటప్పుడు అక్షరాల మీదా వేస్తారు. పూత మీద పూత పడి, నాలుగైదేళ్లకు చెక్కిన గాడి పూడిపోతుంది. ఇనుప బ్రష్‌తో గీకితే మెత్తని రాయి అక్షరంతో సహా రాలుతుంది. సున్నం పక్కలకే వేసి, పేరున్న పలకను మంచినీళ్లతో, మెత్తని బ్రష్‌తో తుడిస్తే చాలు.

విచారణ గురువులను, పాస్టరేటు కమిటీలను, శ్మశానాలు చూసే పురపాలక అధికారులను కోరేది రెండే. ఈ ఏడాది సున్నాలు మొదలుకాకముందే ప్రతి వరుసనూ ఒక చివరి నుంచి ఫొటోలు తీయించి, వరుస నెంబరు, ఆ వరుసలో సమాధి నెంబరు వేసి ఒక నోటుబుక్కులో రాయించండి. ఇకపై మృతుల రిజిస్టరులో పేరు పక్కనే ఆ రెండు అంకెలకూ ఒక గడి గీయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా