నాన్నకి రాసిన ఉత్తరం నీకూ పంపుతున్నాను

అమ్మలూ,

మొన్న ఫోన్లో "నాన్న మీద ఎందుకమ్మా అలా విసుక్కుంటున్నావు?" అని అడిగావు. ఆ సంగతి ఆయనకి కాగితం మీదే రాసిచ్చాను. ఎదురుగా కూర్చుని చెబుదామంటే సగంలోనే ఏడుపొచ్చేస్తోంది. నీకూ తెలియాలి కాబట్టి అదే కింద రాస్తున్నాను.

"ఏమండీ,

నాకిప్పుడు 46. నెలసరి పూర్తిగా ఆగిపోయేముందు కొన్నేళ్ళు ఉండే దశ ఇది, పెరిమెనోపాజ్ అంటారు. వరసగా 12 నెలలు పీరియడ్స్ రాకపోతేనే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. ఈలోపు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మెల్లగా తగ్గుతూ పోదు. ఒక నెల బాగా పెరిగి, ఇంకో నెల ఉన్నట్టుండి పడిపోతుంది. మెదడులో మనసుని కుదురుగా ఉంచే సెరటోనిన్ మీద దాని ప్రభావం ఉంటుంది. అందుకే ఒక్కోరోజు చిన్న మాటకే కోపం, ఏ కారణమూ లేకుండా గుండెల్లో గుబులు.

దానికి తోడు నిద్ర లేదు. మొన్న ఆదివారం తెల్లవారుజామున ఛాతీ దగ్గర మొదలై ముఖం దాకా ఆవిర్లు ఎగదన్నాయి. జాకెట్టు తడిసిపోయింది, ఆ వెంటనే చలి. మళ్ళీ కునుకు పట్టేసరికి పాలవాడు బెల్ కొట్టాడు. పప్పులో ఉప్పు తక్కువైందని మీరు మామూలుగానే అన్నారు. నేను గరిటె గట్టు మీద పడేసి గదిలోకి వెళ్ళిపోయాను. ఆ కోపం మీ మాట వల్ల వచ్చింది కాదు, ఆ రాత్రి వల్ల వచ్చింది.

అలాంటప్పుడు 'మళ్ళీ మొదలెట్టావా' అనకండి. 'రాత్రి నిద్ర పట్టిందా' అని అడిగితే చాలు. వెనకాలే వచ్చి అప్పుడే తేల్చుకుందామని చూడొద్దు, ఒక అరగంట వదిలేయండి, నేనే వస్తాను. పీరియడ్ వచ్చిన రోజు క్యాలెండర్లో ఎర్ర చుక్క, నిద్రలేని రాత్రికి నీలం చుక్క పెడుతున్నాను. నీలం చుక్క కనిపించిన పొద్దున టీ, టిఫిన్ మీరు చూసుకోండి.

ఆ క్యాలెండర్ గైనకాలజిస్ట్‌కి కూడా చూపించాలి. మీరు బయట బండి దగ్గర ఆగిపోకుండా లోపలికి రండి. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా ఇలాగే నీరసం, చిరాకు వస్తాయి కాబట్టి ఆ పరీక్షలు చేయించాలి. హార్మోన్ మందులు వాడాలంటే ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా అని డాక్టరు అడుగుతారు. మా అక్కచెల్లెళ్ళని కనుక్కుని పెడతాను.

ఇంకొక్కటి. అమ్మలు పుట్టాక నేను నెలల తరబడి ఏడ్చాను, గుర్తుందా? బాలింతగా అలా కుంగిపోయినవాళ్ళకి ఈ వయసులోనూ డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువ. రెండు వారాలైనా నాకు దేని మీదా మనసు పోకపోతే వయసని సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించండి. బతకాలని లేదన్న మాట నా నోట వస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్ళండి."

అమ్మలూ, ఆ ఏడుపు నీవల్ల కాదు, కాన్పయ్యాక హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం అందులో ఒక కారణం. నాన్న రెండుసార్లు చదివి, శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. డాక్టరు ఏమన్నారో ఆ రాత్రి ఫోన్ చేసి చెబుతాను.

అమ్మ