చలాన్‌లో లేని క్వార్టర్

“అన్నా, చలాన్ ఫోటో ఎప్పట్లాగే వాట్సాప్‌లో పెట్టాను కదా. మళ్లీ పీడీఎఫ్ కావాలంటారేంటి? మా మీద నమ్మకం పోయిందా?”

మీ మీద నమ్మకం ఎక్కడికీ పోలేదు. పోయింది నా పద్ధతి మీద. కేఆర్ పురంలో ఈ చిన్న ఆఫీసు పెట్టినప్పటి నుంచి మీ టీడీఎస్ రిటర్నులు నా చేతి మీదుగా వెళ్తున్నాయి. అందుకే ఏం జరిగిందో వేరే ఎవరి నోటో మీరు వినేకంటే నేనే చెప్పడం మర్యాద.

2024 చివర్లో, చలాన్ ఫోటో చూసి నాలుగు వివరాలు తీసి పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. ఏ కాలానికి కట్టారు, ఏ సెక్షన్, ఎంత, రిఫరెన్స్ నంబరు ఎంత. ఇవి వస్తే రిటర్నులో పెట్టి సరిపోల్చుకోవచ్చు. అప్పటిదాకా మా ఆఫీసులో ఇద్దరు అమ్మాయిలు కూర్చుని టైపు చేసేవాళ్లు. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఒకరిని జీఎస్టీ పనికి మార్చాను. ఇప్పుడు తలుచుకుంటే అక్కడే తప్పు మొదలైంది.

మొదటి నెలలో వచ్చిన తప్పులు మమ్మల్ని పెద్దగా బాధపెట్టలేదు, ఎందుకంటే అవి గోల చేసే తప్పులు. ఈ-పే ట్యాక్స్ రసీదులో మూడు నంబర్లు ఉంటాయి. `CIN` అని పొడవాటిది ఒకటి, చివర్లో బ్యాంకు అక్షరాలతో. `Bank Reference Number` రెండోది. `Challan No` అని అయిదంకెలది మూడోది. రిటర్నుకి కావలసింది ఆ చివరిది, దానితోపాటు బ్యాంకు శాఖను గుర్తించే ఏడంకెల బీఎస్‌ఆర్ కోడు, కట్టిన తేదీ. సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి బ్యాంకు నంబరు పట్టుకొచ్చేది. అయిదంకెల చోట అంత పొడవు నంబరు పట్టదు కాబట్టి వెంటనే దొరికిపోయేది. బీఎస్‌ఆర్ కోడు సున్నాతో మొదలైతే ఎక్సెల్ ఆ సున్నాని మింగేసి ఆరంకెలే మిగిల్చేది. అదీ దొరికేది. ఇలా దొరికేవి చూసి, దొరకనివి లేవనుకున్నాం.

దొరకనిది మన పాత కస్టమర్ ఒకాయన విషయంలో బయటపడింది. ఇంటీరియర్ పనులు చేయిస్తారు. పేరు చెప్పను గానీ ఆయన అనుమతితోనే రాస్తున్నాను. 2025 మార్చి 18న ఒక సబ్ కాంట్రాక్టు సంస్థకి 9,40,000 రూపాయల బిల్లు మీద, కాంట్రాక్టు చెల్లింపుల సెక్షన్ 194సీ కింద 2 శాతం, అంటే 18,800 పట్టుకున్నారు. మార్చిలో పట్టుకున్నది ఏప్రిల్ 30 లోపు కట్టాలి. సైటు గొడవల్లో పడి మే 6న కట్టారు. ఆలస్యానికి నెలకి 1.5 శాతం వడ్డీ. నెలలో ఒక్కరోజైనా మొత్తం నెల కిందే లెక్క కాబట్టి మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలకి 4.5 శాతం, 846 రూపాయలు. మొత్తం 19,646. ఆయన లెక్క పైసాతో సహా సరిగ్గా ఉంది. ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, సాయంత్రం టీ కొట్టు దగ్గర విప్పి ఫోటో కొట్టి పంపారు.

ఆ ఫోటో నేను తర్వాత చాలాసార్లు చూశాను. పైన `Assessment Year` పక్కన 2025-26 స్పష్టంగా ఉంది. దాని కిందే ఉండాల్సిన `Financial Year` లైను మీద సరిగ్గా మడత పడింది. అక్కడ 2024-25 ఉందని తెలిసినవాడికి తప్ప తెలియదు. కింద `Tender Date` 06-05-2025. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఆలోచించండి. దానికి కనిపించిన సంవత్సరం 2025-26 ఒక్కటే. అది అసెస్‌మెంట్ ఇయర్, అంటే ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది. కట్టిన తేదీ మే 2025, అదీ ఆర్థిక సంవత్సరం 2025-26 లోనే పడుతుంది. రెండు సాక్ష్యాలూ ఒకేమాట చెప్పాయి. అందుకే అనుమానం వచ్చినప్పుడు వేసే పసుపు గుర్తు కూడా వేయకుండా ఆ చలాన్‌ను 2025-26 మొదటి క్వార్టర్లో పడేసింది. అది నిజానికి 2024-25 నాలుగో క్వార్టర్ చలాన్.

నన్ను ఇప్పటికీ గుచ్చేది ఇదే. చలాన్ మీద క్వార్టర్ ఉండదు. నెల కూడా ఉండదు. ఏ ఆర్థిక సంవత్సరానిదో ఉంటుంది, ఏ రోజు కట్టారో ఉంటుంది, అంతే. ఏ క్వార్టర్ అన్నది మీ పద్దు పుస్తకంలో, పన్ను పట్టుకున్న తేదీలో ఉంటుంది. ఫోటోలో లేనిదాన్ని ఫోటోలోంచి తీసిపెడతామని వాళ్లు అమ్మారు, నేను కొన్నాను. సంవత్సరం మధ్యలో కట్టినవాటికి కట్టిన తేదీతో ఊహించినా చాలావరకు సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పాత ఏడాదివీ కొత్త ఏడాదివీ కలిసి వస్తాయి. అక్కడ ఊహకి చోటు లేదు.

తర్వాత జరిగింది చప్పుడు లేకుండా జరిగింది. చలాన్ మొదటి క్వార్టర్లో ఉంది కాబట్టి నాలుగో క్వార్టర్లో ఆ 18,800 వరుసకి జత దొరకలేదు. జత లేని వరుసల్ని “తర్వాత చూద్దాం” అని పక్కన పెట్టే అలవాటు మాది. తర్వాత ఎవరూ చూడలేదు. మే 29న ఆ క్వార్టర్ టీడీఎస్ రిటర్ను, అంటే 26Q, వేశాం. రిటర్నును పరీక్షించే FVU ప్రోగ్రాంలో, బ్యాంకులో కట్టిన చలాన్ల జాబితా అయిన సీఎస్‌ఐ ఫైలు పెట్టి సరిచూస్తే చలాన్లన్నీ సరిపోయాయి. సరిపోకేం, ఆ పరీక్ష రిటర్నులో ఉన్న చలాన్లు బ్యాంకు లెక్కలో ఉన్నాయా అని చూస్తుంది. బ్యాంకు లెక్కలో ఉండి రిటర్నులో లేనిదాని ఊసు ఎత్తదు. ఆగస్టులో ఆ సబ్ కాంట్రాక్టు సంస్థవాళ్లు తమ పేరు మీద జమైన పన్ను చూపే 26ఏఎస్ చూసుకుంటే 18,800 లేదు. మన కస్టమర్ పన్ను పట్టుకుని కట్టకుండా మింగారని పని ఆపేశారు. పద్దెనిమిది వేల ఎనిమిది వందల కోసం ఒక మనిషి సైటులో నలుగురి ముందు మాట పడ్డాడు. ఆ మాట నాది, ఆయనది కాదు.

కరెక్షన్ వేశాం. ఆయన్ని టీడీఎస్ పోర్టల్ ట్రేసెస్‌లో లాగిన్ చేయించి కన్సాలిడేటెడ్ ఫైలు తెప్పించి, చలాన్‌ను, ఆ వరుసను కలిపాం. అప్పుడు రెండో తప్పు బయటపడింది. సాఫ్ట్‌వేర్ మొత్తం 19,646 ను పన్నుగానే రాసుకుంది. చలాన్ మొత్తం సరిపోతుంది కాబట్టి సీఎస్‌ఐ పరీక్షలో ఇదీ దొరకదు. వడ్డీ గడిలో మాత్రం సున్నా ఉండిపోయి, కట్టిన 846 మళ్లీ కట్టమని నోటీసు వచ్చేది. రసీదులో కింద పన్ను, వడ్డీ, రిటర్ను ఆలస్యానికి వేసే 234ఇ ఫీజు విడివిడిగా ఉంటాయి. ఈయన ఫోటోలో ఆ భాగం ఫ్రేములోకే రాలేదు. కరెక్షన్‌కి నేనేమీ తీసుకోలేదు. ఆయన ఇవ్వబోయారు కూడా, అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేస్తే, “ఫోటో క్లియర్‌గా లేదు సార్, మీ క్లయింట్లకి చెప్పండి” అన్నారు. మడత మీద అక్షరం చదవలేకపోవడం తప్పని నేననలేదు. చదవలేకపోయినప్పుడు ఖాళీగా వదలకుండా పూరించడం తప్పన్నాను. తర్వాతి వెర్షన్‌లో చూస్తామన్నారు. ఏడాది డబ్బు ముందే కట్టేశాను, ఇంకా నాలుగు నెలలుంది. వాడకుండా ఉంచాను. మా ఆవిడ దండగ అంటుంది. అననీ.

ఇక నన్ను మూడు వారాలు నిద్రపోనివ్వనిది, ఫోటోలు పూర్తిగా మానేయాలా అన్నది. మీలో సగంమంది సైటు మీద ఉంటారు. ఫోటో కొట్టి పంపడం మీకు అర నిమిషం, పోర్టల్‌లోకి వెళ్లి పీడీఎఫ్ దించడం పెద్ద పని. ఇవన్నీ అడిగితే పక్క వీధిలో ఏమీ అడగని ఆఫీసు ఉందని నాకు తెలుసు. మీ లాగిన్ పాస్‌వర్డులు తీసుకుని నేనే దించుకోవచ్చని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. చాలామంది అలాగే చేస్తారు. నేను చేయను. ఒకరి పాస్‌వర్డు నా డైరీలో ఉంటే, అక్కడ ఏం జరిగినా నా వైపే చూస్తారు. ఒక రోజు ఫోటోలు మానేద్దామని మెసేజ్ రాసి, పంపకుండా చెరిపేశాను. మర్నాడు మళ్లీ రాశాను.

చివరికి తేల్చుకున్నది ఇది. ఫోటో పంపండి, మీరు కట్టారన్న కబురుగా దాన్ని తీసుకుంటాం. దాని మీద నుంచి ఒక్క అంకె కూడా రిటర్నులోకి వెళ్లదు. అంకెలు పోర్టల్ నుంచి దించిన పీడీఎఫ్ నుంచే తీస్తాం, ఇద్దరు విడివిడిగా టైపు చేసి పోల్చుకుంటారు. జీఎస్టీకి మార్చిన అమ్మాయిని వెనక్కి పిలిచాను. క్వార్టర్ మాత్రం మీ లెడ్జర్‌లో పన్ను పట్టుకున్న తేదీ చూసి మేమే రాస్తాం. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైంది, రిటర్ను వేసే ముందు ఒక తలకిందుల పరీక్ష. సీఎస్‌ఐ ఫైలులో ఉన్న ప్రతి చలాన్‌కీ ఏ రిటర్నులో వాడామో పక్కన రాస్తాం. రాయలేని చలాన్ ఒక్కటి మిగిలినా రిటర్ను ఆగుతుంది. నాలుగో క్వార్టర్‌కి ఏప్రిల్ 1 నుంచి మే చివరి దాకా కట్టినవి కూడా ఆ జాబితాలో ఉంటాయి.

సెక్షన్ గురించి కొందరు కంగారుపడి ఫోన్ చేస్తున్నారు, చలాన్‌లో కాంట్రాక్టుల కోడు 94సీ అని కట్టి అందులో ప్రొఫెషనల్ ఫీజుల 94జె కూడా కలిపేశామని. దానికి టెన్షన్ పడకండి. ఒక చలాన్‌ను వేర్వేరు సెక్షన్ల వరుసలకి వాడుకోవచ్చు, సెక్షన్ ప్రతి వరుసలో విడిగా రాస్తాం. ఆర్థిక సంవత్సరం తప్పు పెట్టి కట్టారా, అప్పుడు మాత్రం ఆ రోజే చెప్పండి.

2025 సెప్టెంబరులో పట్టుకున్నది అక్టోబర్ 7 లోపు కట్టాలి, రిటర్నుకి గడువు 31. పీడీఎఫ్‌లు 20వ తేదీకల్లా నా దగ్గర ఉండాలి. పంపనివాళ్లకి 21న నేనే ఫోన్ చేస్తాను, విసుక్కోకండి. ఆ ఇంటీరియర్ ఆయన మాత్రం ఈసారి రసీదు వచ్చిన పది నిమిషాల్లోనే పీడీఎఫ్ పంపారు. వెనకే అలవాటుగా ఒక ఫోటో కూడా పెట్టారు, మళ్లీ మడతతోనే.