పదహారో తేదీన పంపిన మెసేజీలు

ప్రియమైన రమా,

అకౌంట్స్ ఉద్యోగం మానేసిన ఆరేళ్ల తరవాత, మళ్లీ పని కోసం పాత ఆఫీసువాళ్లను ఏమని పలకరించావని అడిగావు కదా, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదట మా పాత మేనేజరు గారికి రాశాను. "క్షమించండి సార్, ఇన్నేళ్లూ పలకరించలేకపోయాను. పాప పుట్టాక అన్నీ వదిలేశాను. ఏదైనా ఖాళీ ఉంటే చెప్పండి." ఆయన మంచివారు, వెంటనే జవాబిచ్చారు: "పర్వాలేదమ్మా, పాప బాగుందా?" క్షమించమన్నాను, క్షమించారు. నా పని గురించి మాట్లాడుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

అప్పుడు ఆ మెసేజీని పక్కన పెట్టి చదువుకోవడం మొదలుపెట్టాను. అమ్మినవాళ్లు చూపించిన బిల్లులు కొన్నవాడికి నెలనెలా కనిపించే జీఎస్టీ పట్టిక జీఎస్టీఆర్-2బి. నేను మానేసినప్పుడు అది లేనే లేదు, అది 2020లో వచ్చింది. 2022 జనవరి నుంచి అమ్మినవాడు తన రిటర్నులో బిల్లు చూపించకపోతే కొన్నవాడికి ఆ బిల్లు మీద కట్టిన పన్ను క్రెడిట్ రాదు. మా తమ్ముడి హార్డ్‌వేర్ దుకాణం బిల్లులు తీసుకుని మూడు నెలలవి 2బితో సరిచూశాను. తేలని బిల్లుల్లో ఎక్కువ భాగం ఎగవేతలు కావు. బిల్లు నంబరులో ఒక గీతో సున్నానో తేడా, లేదా అమ్మినవాడు మరుసటి నెలలో చూపించడం. దీన్నే అరపేజీ రాసి లింక్డ్‌ఇన్‌లో పెట్టాను. అక్కడ ఉద్యోగ విరామాన్ని నమోదు చేసే చోటు ఉంది. అందులో పిల్లల పెంపకం అని, సంవత్సరాలు వేశాను. సంజాయిషీ ఏమీ రాయలేదు.

తరవాత మళ్లీ ముగ్గురికి రాశాను. ఒక్కరూ పలకలేదు. రెండు రోజులు చాలా బాధపడ్డాను రమా. అప్పుడు ఆ మెసేజీలు పంపిన తేదీ చూసుకున్నాను, పదహారు! 2బి వచ్చేది 14న, నెలవారీ పన్ను రిటర్ను 3బి గడువు 20. ఆ ఆరు రోజులూ అకౌంట్స్ వాళ్లు తలెత్తరని మనకు తెలియనిదా? నా విరామానికీ వాళ్ల మౌనానికీ సంబంధమే లేదు.

ఇరవై రెండున ఆ ముగ్గురిలో ఒకరికి, ఒకప్పుడు నా పక్క సీటావిడకు, ఇలా రాశాను: "మనిద్దరం మార్చి ఆడిట్‌కు రాత్రి పదింటిదాకా స్టాకు లెక్కలు సరిచూసింది గుర్తుందా? ఆరేళ్లు పాపతో ఇంట్లో ఉన్నాను, ఇప్పుడు మళ్లీ పనిలోకి వస్తున్నాను. 2బి తేడాల మీద రాసిన అరపేజీ జత చేశాను. మీ దగ్గర తేలని బిల్లుల్లో ఎక్కువగా వచ్చే తేడా ఏమిటి?" విరామానికి ఒక్క వాక్యం. ఆమె రెండు నిమిషాల్లో జవాబివ్వగలిగే ప్రశ్న ఒకటి. ఉద్యోగం అడగలేదు.

మర్నాడు ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. తను బిల్లులు చూసే ఒక టోకు వ్యాపారికి నెలలో వారం రోజులు మనిషి కావాలని తనే చెప్పింది.

అందరూ ఇలా స్పందించలేదు. ఇద్దరి ఆఫీసు ఈమెయిళ్లు తిరిగొచ్చాయి, కంపెనీలు మారిపోయారు. పలకనివాళ్లకు మరో నెల ఇరవై తరవాత, కొత్తగా చెప్పేదేమైనా ఉంటేనే, ఇంకొక్కసారి రాస్తాను. అంతకు మించి రాయను.

నువ్వు రాసుకున్నది నాకు పంపు. మొదటి వాక్యంలో "క్షమించండి" ఉంటే నేనే కొట్టేస్తాను. రేపు 14, నా మొదటి వారం మొదలు. ఇరవై ఒకటిన తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ
పద్మ